నాన్నకిచ్చే జీపీఏ: ఎంతవరకు చెల్లుతుంది?

డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయికి మియాపూర్‌లో ఒక ఫ్లాట్ ఉంది. 2014లో 42 లక్షలకు కొన్నాడు. ఇప్పుడు 95 లక్షలకు బేరం వచ్చింది. అమ్మకానికి అతను రాలేడు, సెలవు లేదు. రిటైరైన లెక్చరరు వాళ్ల నాన్న రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉండే డాక్యుమెంట్ రైటరు దగ్గర ఒక జీపీఏ రాయించి, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపారు. ‘ప్రింటు తీసి సంతకం పెట్టి పంపరా’ అన్నారు. అబ్బాయి అది చదివి భయపడ్డాడు. ఇలాంటి కుటుంబాలు నా ఆఫీసుకు తరచూ వస్తుంటాయి. వాటిలో ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఈ ఒక్క ఇంటికి ఆపాదించి చెబుతాను.

వీడియో కాల్‌లో అతను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ‘అంకుల్, ఇది సంతకం పెడితే ఫ్లాట్ నాన్న పేరు మీదికి మారిపోతుందా?’ ఆ మాటకు పక్కన కూర్చున్న నాన్న ముఖం మాడిపోతుంది. ప్రశ్న మాత్రం సరైనదే.

మారదు. జీపీఏ వల్ల యాజమాన్యం చేతులు మారదు. ఫ్లాటు అబ్బాయిదే. అబ్బాయి తరఫున, అబ్బాయి పేరు మీద సంతకం పెట్టే అధికారం మాత్రమే నాన్నకు వస్తుంది. సేల్ డీడ్‌లో అమ్మినవారు అని రాసే చోట అబ్బాయి పేరే ఉంటుంది, ‘వారి జీపీఏ హోల్డరు’ అంటూ దాని కింద నాన్న పేరు వస్తుంది. జీపీఏలు చేతులు మార్చుకుంటూ స్థలాలు అమ్ముకునే పద్ధతి మన దేశంలో చాలాకాలం నడిచింది. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు దాని సంగతి తేల్చేసింది. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి రాసుకుని డబ్బు ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన స్థిరాస్తి హక్కు బదిలీ కాదని, రిజిస్టరైన క్రయపత్రం ఉండాల్సిందేనని చెప్పింది. భార్యకో కొడుక్కో తోబుట్టువుకో బంధువుకో తన వ్యవహారాలు చూడమని నిజంగా ఇచ్చే అధికారానికి ఈ తీర్పు అడ్డురాదని కూడా అందులోనే ఉంది. మన మాస్టారికి అబ్బాయి ఇస్తున్నది ఆ రెండో రకం.

ఇక ఆ పీడీఎఫ్ లోపలికి వెళదాం. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర ఏళ్ల తరబడి వాడుతున్న ఒక నమూనా ఉంటుంది. పేరు, చిరునామా, షెడ్యూలు మార్చి అందరికీ అదే ఇచ్చేస్తారు. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, అద్దెకివ్వడానికి, దానం ఇవ్వడానికి, బిల్డరుకు డెవలప్‌మెంటుకివ్వడానికి, కోర్టులో దావా వేయడానికి, రాజీ పడటానికి, తన బదులు ఇంకొకరిని నియమించుకోవడానికి... ఇలా పేజీల కొద్దీ సాగుతుంది. వీటిలో మనకు కావలసింది ఒక అమ్మకం. కాబట్టి ఎర్రపెన్ను తీసుకుని తాకట్టు, దానం, డెవలప్‌మెంటు కొట్టేశాను. ‘ఇంకొకరిని నియమించుకోవడం’ అయితే రెండు గీతలు గీసి మరీ కొట్టేశాను. అబ్బాయి నమ్మింది నాన్నను. నాన్న నమ్మిన బ్రోకరును అతను నమ్మనక్కర్లేదు.

మాస్టారికి కొంచెం కోపం వచ్చింది. ‘లాయరు గారూ, నేనేమైనా తాకట్టు పెట్టేస్తానా?’ అన్నారు. పెట్టరు. కానీ ఈ కాగితం మీరొక్కరే చూసేది కాదు మాస్టారూ, అన్నాను. బేరానికొచ్చినవాళ్లు, బ్రోకర్లు, బ్యాంకులు అందరూ చూస్తారు. అందులో లేని అధికారాన్ని ఎవరూ మీ చేత వాడించలేరు. ఒత్తిడి వచ్చినప్పుడు ‘నాకా అధికారం లేదు’ అనే మాట మీకే అక్కరకొస్తుంది.

ఇలా ఒకే ఆస్తికి, ఒకే పనికి పరిమితం చేసి రాస్తే దాన్ని స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఎస్పీఏ అంటారు. పైన జీపీఏ అని ఉందా ఎస్పీఏ అని ఉందా అన్నది పెద్ద విషయం కాదు. లోపల ఏం రాశారన్నదే లెక్క. అధికార పత్రాలను కోర్టులు బిగించి చదువుతాయి. ఇచ్చినట్టు స్పష్టంగా రాసి ఉంటేనే ఇచ్చినట్టు. ‘నా ఆస్తిని చూసుకోవడానికి, నిర్వహించడానికి’ అని రాస్తే అమ్మే అధికారం రాదు. ‘అమ్మకానికి బేరాలాడటానికి’ అని మాత్రమే రాస్తే క్రయపత్రం మీద సంతకం పెట్టే అధికారం వచ్చినట్టు కాదు. అందుకే అమ్మకం క్లాజులో ప్రతి మెట్టూ విడివిడిగా రాశాం: బేరం కుదుర్చుకోవడం, అగ్రిమెంటు రాసివ్వడం, బయానా తీసుకుని రసీదు ఇవ్వడం, క్రయపత్రం మీద సంతకం చేయడం, దాన్ని సబ్ రిజిస్ట్రార్ ముందు దాఖలు చేసి ఒప్పుకోవడం, తాళాలు అప్పగించడం. చివర ‘తదితర పనులన్నీ చేయడానికి’ అని ఒక తోక వాక్యం ఎప్పుడూ ఉంటుంది. అది పైన రాసిన పనులకు అనుబంధంగా అవసరమైన చిల్లర పనులకు వర్తిస్తుందే తప్ప, పైన లేని పెద్ద అధికారాన్ని దొడ్డిదారిన తేదు.

ధర దగ్గర ఆగి కొంత ఆలోచించాల్సి వచ్చింది. ‘తొంభైకి తక్కువ అయితే అమ్మొద్దని అందులో రాయొచ్చా?’ అని అబ్బాయి అడిగాడు. రాయొచ్చు. కానీ కాగితంలో రాస్తే కొనేవాడు దాన్ని చదువుతాడు, బేరం తొంభై దగ్గరే మొదలుపెడతాడు. రాయకుండా నాన్నకు విడిగా ఉత్తరమో మెయిలో పంపితే బేరానికి ఇబ్బంది ఉండదు. అయితే ఒక తేడా వస్తుంది. పత్రంలోనే ఉన్న హద్దు కొనేవాడినీ కట్టేస్తుంది, 85కు కొంటే అతని క్రయపత్రాన్నే ప్రశ్నించవచ్చు. మెయిల్లో ఉన్న హద్దు కొనేవాడికి తెలియదు కాబట్టి అతని కొనుగోలు నిలుస్తుంది, జవాబు చెప్పుకోవాల్సింది నాన్న ఒక్కరే. తండ్రీకొడుకుల మధ్య అయితే మెయిలు చాలని నా అభిప్రాయం. పినతండ్రికో స్నేహితుడికో ఇస్తుంటే మాత్రం పత్రంలోనే రాయమంటాను, బేరం కాస్త దెబ్బతిన్నా సరే.

ధర కంటే గట్టిగా పట్టుబట్టాల్సింది డబ్బు ఎక్కడికి వెళ్లాలన్న వాక్యం. నమూనా పత్రంలో ‘అమ్మకం సొమ్ము స్వీకరించడానికి’ అని మాత్రమే ఉంది. అంటే నాన్న తన ఖాతాలోకైనా వేయించుకోవచ్చు, నగదైనా తీసుకోవచ్చు. దాన్ని మార్చి, సొమ్మంతా అబ్బాయి ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి బ్యాంకు ద్వారానే చేరాలని ఖాతా వివరాలతో సహా రాశాం. నాన్న మీద అనుమానంతో కాదు. డబ్బు నాన్న ఖాతాకు వెళితే అది ఎవరి ఆదాయమన్న ప్రశ్నకు ఇద్దరూ సమాధానం చెప్పుకోవాలి. రేపు అమెరికాకు పంపుకునేటప్పుడు కూడా ఫ్లాటు అమ్మిన సొమ్మే ఇదని ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి చూపించడం తేలిక. ఆ ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పన్ను కాగితాలతో బయటికి పంపుకోవచ్చు.

జీపీఏ మీద అమ్మేచోట తరచూ జరిగే పొరపాటు పన్నుతోనే ముడిపడి ఉంది. కొనేవాళ్లు ఎదురుగా నాన్నను చూస్తారు, ఆయన ఇక్కడి మనిషి కాబట్టి ఒక్క శాతం టీడీఎస్ కోసి కట్టేస్తారు. 95 లక్షల మీద 95 వేలు. కానీ అమ్ముతున్నది అబ్బాయి, అతను ఎన్‌ఆర్‌ఐ. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇంటి మీద లాభానికి అతనికి పన్ను 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు అదనం. లాభం ఎంతో తేల్చుకోవడం కొనేవాడి పని కాదు కాబట్టి మొత్తం ధర మీదే కోయడం మామూలు. అప్పుడు సర్‌చార్జి, సెస్సు కలపకముందే 11 లక్షల 87 వేల 500 అవుతుంది. నిజానికి లాభం 53 లక్షలే. దాని మీద అదే రేటుకు 6 లక్షల 62 వేల 500. ఈ తేడాను ముందే తప్పించుకోవాలంటే అమ్మకానికి ముందు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తీసుకోవాలి. అది చేతికొచ్చే వరకు రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోవద్దని మాస్టారికి చెప్పాను. కొనేవాడు తొందరపెడతాడు, పెట్టనివ్వండి. తక్కువ కోస్తే నోటీసు వచ్చేది అతనికే.

సంతకం ఎలా పెట్టాలన్నది తరువాతి సంగతి. అబ్బాయి సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు అయితే సబ్ రిజిస్ట్రార్ ముందే పెట్టేయవచ్చు, అంతకంటే సుఖం లేదు. అక్కడి నుంచి అయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ దారి చూపిస్తుంది. విదేశంలో ఉన్నవారు అక్కడి నోటరీ ముందో, జడ్జి ముందో, భారత కాన్సులేట్ అధికారి ముందో సంతకం పెట్టాలి. టెక్సాస్‌లో ఉన్నవారికి మన కాన్సులేట్ హూస్టన్‌లో ఉంది. రెండో దారి నోటరీ ముందు సంతకం పెట్టి, దాన్ని ఆస్టిన్‌లోని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి పంపి అపోస్టిల్ వేయించుకోవడం. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఆ ముద్ర ఇక్కడ చెల్లుతుంది. ఆ ముద్ర చెప్పేది ఒక్కటే, సంతకం చేసిన నోటరీ నిజమైన నోటరీయేనని. లోపల రాసింది సరైనదని కాదు. అపోస్టిల్ పడింది కాబట్టి డ్రాఫ్టు బాగుందనుకునేవాళ్లను చూస్తుంటాను.

భారతీయ స్టాంప్ పేపరు కోసం ఎవరూ తంటాలు పడనక్కర్లేదు. అక్కడ తెల్ల కాగితం మీదే ప్రింటు తీసుకోవచ్చు. అబ్బాయికి చెప్పిన జాగ్రత్తలు ఇవి: ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి. ఫోటోలు అతికించి, సంతకం సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేలా చేయాలి. ఇద్దరు సాక్షులు నోటరీ ఎదుటే సంతకాలు పెట్టి చిరునామాలు రాయాలి. వీడియోలో చేసే ఆన్‌లైన్ నోటరీ అమెరికాలో మామూలే అయినా ఇక్కడ అధికారి అభ్యంతరం పెడితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని నోటరీ ఎదురుగా కూర్చునే పెట్టమన్నాను.

ఇక పేరు. మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. ఫ్లాటు కొన్నప్పటి క్రయపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి చివర ఉంది. అమెరికా వెళ్లాక అసలు పేరులో ఒక ముక్క మిడిల్ నేమ్ అయిపోయింది. సబ్ రిజిస్ట్రార్ ముందు ఇవి ముగ్గురు మనుషులు. అందుకే పత్రం మొదట్లోనే క్రయపత్రంలో ఉన్న పేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు రెండూ రాసి, ఇద్దరూ ఒకరేనని చెప్పి పాస్‌పోర్టు నంబరు వేశాం. షెడ్యూలులో ఫ్లాటు నంబరు, విస్తీర్ణం, విడదీయని భూమి వాటా, నాలుగు హద్దులు పాత క్రయపత్రం చూసి అక్షరం పొల్లుపోకుండా దింపాం. నమూనాలో ఒక హద్దు తూర్పుకు బదులు పడమరగా పడింది. అమెరికా వెళ్లి వచ్చాక బయటపడి ఉంటే మళ్లీ నోటరీ, మళ్లీ అపోస్టిల్.

అసలు ప్రతి కొరియరులో వచ్చాక మాస్టారు దాన్ని బీరువాలో దాచబోయారు. ఆగమన్నాను. విదేశంలో రాసిన పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు దానికి స్టాంప్ డ్యూటీ కట్టాలని స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. మన రెండు రాష్ట్రాల్లో దీనికి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. అక్కడ డ్యూటీ కట్టించుకుని, పత్రం మీద నంబరు వేసి వ్యాలిడేట్ చేసి ఇస్తారు. కుటుంబ సభ్యులకు ఇచ్చిన అమ్మకపు అధికారానికి డ్యూటీ స్వల్పం, బయటివాళ్లకైతే ఆస్తి విలువను బట్టి పెరుగుతుంది. కొరియరు కవరు పారేయకండి. పత్రం ఎప్పుడు చేరిందో చెప్పే సాక్ష్యం దాని మీది తేదీయే. గడువు దాటాక అపరాధ రుసుముతో తంటాలు పడేవాళ్లలో ఎక్కువమంది ‘అమ్మకం కుదిరాక చూద్దాంలే’ అనుకున్నవాళ్లే.

మాస్టారి చేతిలో ఈ కాగితం ఉన్నా ఆయన చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. ఫ్లాటును తనకు తానే అమ్ముకోకూడదు. అబ్బాయికి అన్నీ చెప్పి ఒప్పించకుండా అలా చేస్తే అతను దాన్ని కొట్టేయించవచ్చు. అబ్బాయి వీలునామా ఆయన రాయలేరు. కోర్టు కేసు పడితే కాగితాలు దాఖలు చేయగలరు, లాయరును పెట్టగలరు. కానీ అబ్బాయికి మాత్రమే తెలిసిన సంగతుల మీద అతని బదులు సాక్ష్యం చెప్పలేరని 2004లో సుప్రీంకోర్టు జానకీ వాసుదేవ్ భోజ్వానీ కేసులో చెప్పింది. అబ్బాయికే లేని హక్కు నాన్నకు రాదు. ఎన్‌ఆర్‌ఐ మన దేశంలో వ్యవసాయ భూమి కొనకూడదు, కాబట్టి అమ్మిన డబ్బుతో ఊళ్లో అతని పేరు మీద రెండెకరాలు కొనే అధికారం కూడా ఈ కాగితంతో రాదు. బ్యాంకు సంగతి మరీ వేరు. ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాల మీద చాలా బ్యాంకులు తమ సొంత ఫారంలోనే అధికారం అడుగుతాయి. అది ఇచ్చినా ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోంచి నాన్న స్థానిక చెల్లింపులు చేయగలరు, అబ్బాయికే డబ్బు పంపగలరు. అంతేగానీ అబ్బాయి తరఫున చెల్లెలికి పెళ్లి కానుకగా ఇవ్వలేరు.

‘ఇక్కడ డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఉంటుంది అంకుల్. నాకు స్పృహ లేకపోయినా చెల్లుతుంది. ఇదీ అంతేనా?’ అని అబ్బాయి అడిగాడు. విదేశాల్లో ఉన్న పిల్లలు తప్పకుండా తెలుసుకోవలసిన తేడా ఇది. మన దగ్గర అలాంటిది లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అధికారం ఇచ్చినవారు చనిపోయినా, పుచ్చుకున్నవారు చనిపోయినా, ఇద్దరిలో ఎవరికి మతిస్థిమితం తప్పినా అధికారం ముగిసిపోతుంది. అంటే అమ్మకం మధ్యలో మాస్టారికి ఏదైనా అయితే వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకుని సంతకం పెట్టలేరు. కావాలంటే ముందే ఆమెను కూడా విడిగా అధికారం ఉన్న రెండో వ్యక్తిగా పెట్టాలి. పెట్టాం.

ఇదే నియమం ఎదురు దిశలో ఇంకా గట్టిగా తగులుతుంది. అమ్మ మతిమరుపు జబ్బుతో బాధపడుతుంటే, ఆమె ఇంటి వ్యవహారం చూడటానికి కొడుకు జీపీఏ అడుగుతాడు. ఆమె తెలివిగా ఉండగా ఇచ్చిన జీపీఏ కూడా ఆమెకు అర్థం చేసుకునే శక్తి పోయిన రోజుతో అయిపోతుంది. అవసరం మొదలైన రోజునే కాగితం చెల్లకుండా పోతుందన్నమాట. అప్పుడు కోర్టుకు వెళ్లి సంరక్షకుడిగా నియమించుకోవడమే దారి. తల్లిదండ్రులు బాగున్నప్పుడే వీలునామా రాసుకోవాలని, బ్యాంకు ఖాతాలకు నామినీలను పెట్టుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. జీపీఏ ఆ పని చేయదు.

మనసు మారితే అబ్బాయి ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. పైన ‘ఇర్రివోకబుల్’ అని పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన రద్దు చేయలేనిది అయిపోదు. ఆ ఆస్తిలో ఏజెంటుకు సొంత ఆర్థిక హక్కు ఏదైనా ఉంటేనే, ఉదాహరణకు ఇచ్చిన అప్పు దాని మీద రాబట్టుకోవాల్సి ఉంటేనే, రద్దు కుదరదు. అయితే రద్దు కాగితం రాసి డల్లాస్‌లో సొరుగులో పెట్టుకుంటే లాభం లేదు. నాన్నకు ఆ విషయం తెలిసేవరకు ఆయన అధికారం పోదు. ఆయనకు తెలిసినా, సంగతి తెలియని కొనుగోలుదారు విషయంలో అది తెలిసేవరకు పోయినట్టు కాదు. కాబట్టి నాన్నకు నోటీసు పంపాలి. రద్దు దస్తావేజు కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు చేర్చాలి, అగ్రిమెంటు చేసుకున్నవారికి తెలియజేయాలి, పత్రికలో ప్రకటన ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా అసలు ప్రతి వెనక్కి తీసుకోవాలి. మేము ఆరునెలల గడువు కూడా రాసుకున్నాం. ఆ తేదీ దాటితే ఇన్ని తంటాలు పడకుండా పత్రం దానంతటదే ముగిసిపోతుంది.

రిజిస్ట్రేషన్ రోజున చాలా చోట్ల ఇంకొక కాగితం అడుగుతారు. అధికారం ఇచ్చిన వ్యక్తి బతికే ఉన్నాడని, జీపీఏ రద్దు కాలేదని ఏజెంటు రాసిచ్చే అఫిడవిట్ అది. అబ్బాయి చేత ఆ వారంలోనే ఒక మెయిల్ కూడా పంపించుకోమని మాస్టారికి చెప్పాను. అది కొనేవాళ్ల మంచికే. పదేళ్ల తర్వాత వాళ్లు ఆ ఫ్లాటు మీద లోను కోసం వెళ్లినప్పుడు బ్యాంకు లాయరు ముందుగా అడిగేది జీపీఏ వ్యాలిడేషన్ నంబరు, క్రయపత్రం తేదీన అబ్బాయి సజీవంగా ఉన్నాడన్న ఆధారం. ఆ కాపీలు అప్పుడే వాళ్లకు ఇచ్చేస్తే, అప్పటికి ఎక్కడుంటారో తెలియని మాస్టారి కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.